పీఎఫ్ పాస్‌వర్డ్ తిరిగి రావాలంటే ముందు పాత పేరే కొట్టాలి

ప్రశ్న: మాది గుణుపురం. పెళ్లికి ముందు 2019 నుంచి 2021 దాకా విశాఖలో ఉద్యోగం చేశాను. పీఎఫ్ పాస్‌వర్డ్ మర్చిపోయాను, అప్పటి సిమ్ కూడా లేదు. Forgot Password నొక్కి పేరు, పుట్టినతేదీ ఇస్తే వివరాలు సరిపోలేదంటోంది. ఆధార్‌లో ఉన్నట్టే అత్తవారి ఇంటిపేరుతో కొడుతున్నాను. ఎక్కడ తప్పుతోంది?

జవాబు:

అత్తవారి ఇంటిపేరు పక్కన పెట్టి, ఉద్యోగంలో చేరిన రోజు కంపెనీవాళ్లు ఎక్కించిన పేరు ఉన్నదున్నట్టు కొట్టి చూడండమ్మా. ఆ పేజీ మీరు కొట్టినదాన్ని ఆధార్‌తో పోల్చడం లేదు. మీ యూఏఎన్ నంబరు కింద పీఎఫ్ రికార్డులో ఏ పేరు, ఏ తేదీ ఉన్నాయో వాటితో పోలుస్తోంది. ఆధార్ నంబరు అడిగేది ఆ తర్వాతి మెట్టులో. ఈ రెండూ వేరని తెలియక నేను నాలుగు నెలలు పోగొట్టుకున్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నా పేరు యమున. ఒడియాలో మాట మొదట వచ్చే 'య'ని 'జ' అంటారు. యమున జమున అవుతుంది, యశోద జసోద అవుతుంది. 'వ' ఉన్న పేర్లకి 'బ' వస్తుంది, మన వసంతి అక్కడ బసంతి. నా మెట్రిక్ సర్టిఫికెట్‌లో JAMUNA అని పడింది, ఇంటిపేరు చివరికి వెళ్లింది. ఆధార్‌ని ఆ సర్టిఫికెట్ చూసే చేశారు. 2015లో శ్రీకాకుళం జిల్లాలో ఒక కంపెనీలో చేరినప్పుడు అక్కడి గుమాస్తా నేను నోటితో చెప్పింది విని, మన పద్ధతిలో ఇంటిపేరు పొడి అక్షరం ముందు పెట్టి K YAMUNA అని కొట్టాడు. పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు చేర్పించుకున్నాను. అలా ఒక్క మనిషికి మూడు పేర్లయ్యాయి.

మా అమ్మాయి చదువు కోసం ఆ డబ్బు అవసరపడినప్పుడు చూసుకుంటే పాస్‌వర్డ్ గుర్తులేదు, పాత నంబరు ఎప్పుడో ఇంకెవరికో వెళ్లిపోయింది. మీలాగే ఆధార్ కార్డు ఎదురుగా పెట్టుకుని అందులో ఉన్నట్టు కొట్టాను. జమున అని, జమునా అని, ఇంటిపేరు ముందు, ఇంటిపేరు వెనక, ఎన్నిరకాలుగా కొట్టినా లాభం లేకపోయింది. చివరికి పుట్టింటి ఇనప్పెట్టెలో, పాత పుస్తకాల మధ్య, నాలుగు మడతలు పెట్టిన జీతం చీటీ ఒకటి దొరికింది. అచ్చు వెలిసిపోయింది, మడత పడిన చోట నంబర్లు చిరిగిపోయాయి, కానీ పేరు మాత్రం చక్కగా కనిపిస్తోంది: K YAMUNA. ఆ కె పక్కన చుక్క లేదు, ఒక్క ఖాళీ ఉంది. అదే కొట్టాలి. మీరూ జీతం చీటీ గానీ, పీఎఫ్ పాస్‌బుక్ ప్రింటు గానీ, చేరినప్పుడు నింపిన ఫారం 11 నకలు గానీ ఉన్నాయేమో వెతకండి. ఏదీ లేకపోతే పాత కంపెనీ హెచ్ఆర్‌కి ఫోన్ చెయ్యండి. యజమాని లాగిన్‌లో మీ వివరాలు కనిపిస్తాయి. "నా పేరు సరిగ్గా ఉందా" అని అడిగితే ఉందనేస్తారు. ఒక్కొక్క అక్షరం చదివి చెప్పమనండి, పుట్టినతేదీ, ఆడా మగా అన్నది కూడా చదివించుకోండి.

నాకు పేరు దొరికినా తలుపు తెరుచుకోలేదు. హెచ్ఆర్ అబ్బాయి ఫోన్‌లో చదివినప్పుడు తెలిసింది, తేదీ తిరగబడిందని. నేను పుట్టింది జూన్ 9న. 09/06 అని ఎక్కాల్సింది 06/09 అని ఎక్కింది, అంటే రికార్డు ప్రకారం నేను సెప్టెంబరు 6న పుట్టాను. పుట్టిన రోజు 12 లోపు ఉన్నవాళ్లందరికీ ఇలా జరిగే వీలుంది, ఎందుకంటే రోజూ నెలా తారుమారైనా అది చెల్లే తేదీయే, కంప్యూటరు అడ్డు చెప్పదు. మీది కూడా అలాంటి తేదీ అయితే ఓసారి తిప్పి కొట్టి చూడండి.

ఆ తప్పు తేదీ, ఆ పాత పేరు కలిపి ఇచ్చేసరికి మొదటి మెట్టు దాటింది. రెండో మెట్టులో ఆధార్ నంబరు ఇవ్వగానే ఆగిపోయింది. అప్పుడు అర్థమైంది నాకు. మొదటి మెట్టులో ఆగితే మీరు కొట్టింది పీఎఫ్ రికార్డుకి సరిపోలేదని. రెండో మెట్టులో ఆగితే పీఎఫ్ రికార్డే ఆధార్‌కి సరిపోలేదని. మొదటిదానికి మందు పాత పేరు వెతుక్కోవడం. రెండోదానికి రికార్డు దిద్దించుకోవడం తప్ప దారి లేదు.

దిద్దించుకోవడంలో మీకూ నాకూ తేడా ఉంది. 2025 జనవరిలో పీఎఫ్ సంస్థ పద్ధతి మార్చింది. యూఏఎన్ 2017 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ వచ్చి, ఆధార్‌తో సరిచూసి ఉంటే, పేరు, పుట్టినతేదీ, పెళ్లి వివరం లాంటివి సభ్యులే లాగిన్‌లో మార్చుకోవచ్చు. కాగితాలు అక్కర్లేదు, యజమాని ఆమోదమూ అక్కర్లేదు. 2019లోదే మీ మొదటి ఉద్యోగం అయితే మీది దాదాపు ఇదే అయి ఉంటుంది. అందుకే మీరు ముందు పాత పేరుతో లోపలికి వెళ్లడమే మంచిది. రెండో మెట్టులో ఆధార్ నంబరు ఒప్పుకుంటే కొత్త మొబైల్ నంబరు ఎక్కించుకునే వీలుంటుంది, ఒప్పుకోకపోతే మీరూ నాలాగే యజమాని ద్వారా రికార్డు దిద్దించుకోవాలి. లోపలికి వెళ్లాక Manage కింద Joint Declaration అని ఉంటుంది. అక్కడ ఆధార్‌లో ఇప్పుడున్న పేరు ఇచ్చి, ఓటీపీతో ఒప్పుకుంటే సరి. ఈ ఓటీపీ ఆధార్‌కి కట్టిన నంబరుకి వస్తుంది. ఆధార్‌లో ఇంకా ఆ పోయిన సిమ్మే ఉంటే అన్నిటికంటే ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి నంబరు మార్పించుకోండి. దానికి ఏ కాగితమూ అడగరు, మనిషి వెళ్లి వేలిముద్ర ఇస్తే చాలు. రుసుము 75 రూపాయలు.

నాది 2015 యూఏఎన్, ఆధార్ కట్టనిది. అందుకని నేను కాగితం మీద జాయింట్ డిక్లరేషన్, అంటే ఉద్యోగీ యజమానీ కలిసి ఇచ్చే దిద్దుబాటు ఫారం, నింపి యజమాని సంతకంతో పంపించాను. ఫారంలో ఒక వరసలో రికార్డులో ఉన్న తప్పు వివరం, పక్క వరసలో ఉండాల్సిన వివరం రాయాలి. ఎడమ వైపు కూడా సరైన పేరే రాసి మొదటిసారి నేను వెనక్కి తిప్పించుకున్నాను. తప్పును తప్పుగానే, K YAMUNA అనే, 06/09 అనే రాయాలి, లేకపోతే వాళ్లు మీ రికార్డుతో కలుపుకోలేరు. దానికి మెట్రిక్ సర్టిఫికెట్, ఆధార్, పెళ్లి సర్టిఫికెట్ నకళ్లు జతచేశాను. అది వెళ్లాల్సింది కంపెనీ ఖాతా ఉన్న పీఎఫ్ ఆఫీసుకి. మనకి దగ్గరని బరంపురం ఆఫీసుకి పట్టుకెళ్తే పని అవ్వదు. మీ కంపెనీది విశాఖ. కంపెనీ మూతపడి ఉంటే గెజిటెడ్ అధికారి లాంటివాళ్ల సంతకంతో పంపే వీలుంది. ఏ కాగితం కావాలో ముఖాముఖి అడగాలనుకుంటే ప్రతి నెలా 27న జిల్లాల్లో పెట్టే నిధి ఆప్‌కే నికట్ శిబిరానికి వెళ్లండి. నేను వెళ్లినప్పుడు అక్కడి ఉద్యోగి ఓపిగ్గా నా ఫారంలో రెండు గళ్లు దిద్ది పంపించారు.

ఇక ఆధార్ విషయం. పీఎఫ్ రికార్డుని చివరికి ఆధార్‌లాగే మారుస్తారు కాబట్టి ఆధార్‌లోనే తప్పుంటే ఆ తప్పు అక్కడికీ పాకుతుంది. పేరు జీవితంలో రెండుసార్లు, పుట్టినతేదీ ఒక్కసారే మార్చనిస్తారు. అందుకని తొందరపడి మార్పించకండి. పెళ్లయినంత మాత్రాన ఇంటిపేరు మార్చుకోవాలన్న చట్టం లేదు. చుట్టాల్లో ఎవరైనా పెళ్లి చేసుకుంటుంటే, పీఎఫ్, బ్యాంకు పాస్‌వర్డులు, నంబర్లు చూసుకున్నాకే ఆధార్‌లో పేరు మార్చుకోమని చెప్పండి. మార్చుకున్నప్పుడు కూడా పెళ్లి సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరు పాత ఆధార్‌లో ఉన్న అక్షరాలతోనే ఉందో లేదో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే చూసుకోవాలి. మా ఆడపడుచుకి సర్టిఫికెట్‌లో ఒక హెచ్ ఎక్కువ పడి, ఆధార్ కేంద్రం రెండుసార్లు తిప్పి పంపింది.

మన వైపు పెద్దవాళ్లలో ఇంకొకటి చూశాను. ఆధార్ తీసినప్పుడు వయసు మాత్రమే చెప్పినవాళ్లకి ఆ సంవత్సరం జనవరి 1 అని పడిపోతుంది. మా అత్తగారి కార్డులో అలాగే ఉంది. ఉద్యోగంలో చేరేటప్పుడు మాత్రం బడి సర్టిఫికెట్‌లోని అసలు తేదీ ఇస్తారు. ఇలాంటివాళ్లు ఆధార్‌ని దిద్దించుకోవాలే తప్ప, పీఎఫ్‌ని ఆధార్‌లా మార్చేసి అసలు తేదీ పోగొట్టుకోకూడదు. జనన ధ్రువపత్రం గానీ, బోర్డు ఇచ్చిన మెట్రిక్ సర్టిఫికెట్ గానీ దానికి పనికొస్తాయి.

ఆధార్ కేంద్రంలో కూర్చున్నప్పుడు చీటీ తీసుకుని వచ్చేయకుండా స్క్రీన్ మీ వైపు తిప్పమనండి. మన కార్డు మీద పేరు ఒడియాలోనూ, ఇంగ్లీషులోనూ ఉంటుంది. ఆపరేటరు ఒడియా అలవాటుతో ఇంగ్లీషులో వైకి జె, వికి బి పెట్టేయొచ్చు, అతనికి అది తప్పుగా అనిపించదు. పీఎఫ్, పాన్, బ్యాంకు పోల్చుకునేది ఇంగ్లీషు వరసనే. అందులో ప్రతి అక్షరం మీద వేలు పెట్టి చదివి, అప్పుడు సరే అనండి.

నా పని మొత్తానికి నాలుగో నెలలో అయింది. పీఎఫ్ రికార్డులో పేరు JAMUNA అయ్యాక ఆధార్ కట్టుకుంది, ఆ మర్నాడే Forgot Password రెండు మెట్లూ దాటి కొత్త నంబరు ఎక్కింది. డబ్బుకి దరఖాస్తు పెట్టేముందు పాన్‌లోనూ బ్యాంకు ఖాతాలోనూ అదే పేరు పెట్టించుకోవాల్సి వచ్చింది. మీ బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంకా పుట్టింటి పేరే ఉంటే అది ఇప్పుడే మార్పించడం మొదలుపెట్టండి, పీఎఫ్ పనికోసం ఆగక్కర్లేదు.