612 పేజీల పుస్తకం చాప్టర్లుగా కోయాలి, విడిపోయిన నోట్స్ వరసలో కలపాలి

ప్రశ్న: సార్, నేను తిరుపతిలో ఎంఏ హిస్టరీ చదువుతున్నా. 612 పేజీల స్కాన్ పుస్తకం ఒకే పీడీఎఫ్‌గా ఉంది, ఫోన్‌లో తెరిస్తే ఆగిపోతోంది, చాప్టర్లుగా కోస్తే ఐదో చాప్టర్ చివర్లో తెగిపోతోంది. ఇంకోటి, సీనియర్ అక్క చేతిరాత నోట్స్ జెరాక్స్ షాపులో స్కాన్ చేయిస్తే ముందువైపులన్నీ ఒక ఫైలు, వెనకవైపులన్నీ ఇంకో ఫైలు ఇచ్చారు. వెనకవి తిరగబడి ఉన్నాయి, రెండూ కలిపితే సగం నుంచి అర్థం లేకుండా వస్తోంది. ఫైళ్లన్నీ పంపుతున్నా, చూడండి సార్.

జవాబు: ఫైళ్లు తెరిచి చూశానమ్మా. ఐదో చాప్టర్ ఎందుకు తెగుతోందో ముందు చెప్తా. పుస్తకంలో పేజీ కింద అచ్చయిన నంబర్ వేరు, పీడీఎఫ్ లెక్కపెట్టే నంబర్ వేరు. మీ ఫైల్లో అట్ట, ముందుమాట, విషయసూచిక అన్నీ కలిపి మొదట్లో 18 పేజీలు ఉన్నాయి, అచ్చులో 1 అని ఉన్న పేజీ పీడీఎఫ్ లెక్కలో 19. అంటే విషయసూచికలో రెండో చాప్టర్ 43 అంటే పీడీఎఫ్‌లో అది 61. ఇంతవరకూ మీరు సరిగ్గానే పట్టుకున్నారు, నాలుగు చాప్టర్లూ బాగానే వచ్చాయి కూడా. కానీ అచ్చు నంబర్ 240 తర్వాత నున్నటి కాగితం మీద గుళ్ల ఫొటోలు 8 పేజీలు వచ్చాయి చూడండి, వాటికి నంబర్లే లేవు, 240 అయ్యాక ఫొటోలు, మళ్లీ 241. అక్కడి నుంచి తేడా 18 కాదు, 26. ఐదో చాప్టర్ చివరి పేజీ అచ్చులో 246, దానికి మీరు 18 కలిపి 264 దగ్గర కోశారు, నిజంగా కోయాల్సింది 272 దగ్గర. అందుకే చివరి 8 పేజీలు ఆరో చాప్టర్ ఫైల్లోకి పోయి కూర్చున్నాయి.

అందుకని ఏ పుస్తకం కోసినా తేడాని మొదట్లో ఒకసారి చూసి వదిలేయకండి, మధ్యలో ఒకచోట, చివర్లో ఒకచోట కూడా చూడండి. మూడు చోట్లా ఒకే తేడా వస్తే సరే, రాకపోతే ఎక్కడో ఫొటోలో మ్యాపులో నంబర్ లేకుండా దూరాయని లెక్క, లేదా స్కాన్ చేసినోళ్లు ఒక పేజీ వదిలేశారని.

కోయడానికి కంప్యూటర్‌లో PDFsam Basic వేసుకోండి, ఫ్రీ, నెట్ లేకపోయినా పనిచేస్తుంది, పైగా మీ ఫైలు ఏ వెబ్‌సైట్‌కీ ఎక్కదు (మార్కుల లిస్టులు, సర్టిఫికెట్లు కోసేటప్పుడు ఇది చానా ముఖ్యం, వాటిని ఆన్‌లైన్ సైట్లలో పెట్టొద్దు). అందులో Split తెరిచి పుస్తకం ఇచ్చి, ఏ పేజీల తర్వాత కోయాలో కామాలు పెట్టి రాయాలి. మీరు ఇవ్వాల్సింది చాప్టర్ మొదలయ్యే పేజీ కాదు, అయిపోయే పేజీ, ఇక్కడ చానామంది తప్పు చేస్తారు. మీ పుస్తకానికి మొదటి ఐదు చాప్టర్ల వరకూ ఇదీ వరస:

```
18,60,106,156,204,272
```

మొదటి ముక్క ముందుమాట, విషయసూచిక. రెండోది మొదటి చాప్టర్, అట్లా ఐదో చాప్టర్ వరకూ. ఆరో చాప్టర్ నుంచి విషయసూచికలో తర్వాతి చాప్టర్ మొదలయ్యే నంబర్ చూసి, అందులో ఒకటి తీసేసి 26 కలుపుకుంటూ ఈ వరసలోనే పొడిగించుకోండి. పుస్తకంలో బుక్‌మార్కులు ఉంటే ఈ లెక్కలేమీ అక్కర్లేదు, Split by bookmarks అంటే అదే కోసేస్తుంది, కానీ మీది స్కాన్, బుక్‌మార్కులు లేవు. ఒక్క ఇబ్బంది, ఒకే పేజీలో ఒక చాప్టర్ అయిపోయి ఇంకోటి మొదలైతే ఆ పేజీ రెండు ఫైళ్లలోనూ రావాలి కదా, Split ఆ పని చేయదు, ఆ ఒక్క చాప్టర్‌ని Extract తో విడిగా తీసుకోండి. ఇంకో మాట, కొందరు ప్రింట్‌లోకి పోయి పేజీలు ఎంచుకుని మళ్లీ పీడీఎఫ్‌గా సేవ్ చేస్తుంటారు, అట్లా చేయొద్దు, లింకులు పోతాయి, ఒక్కోసారి సైజు ఇంకా పెరుగుతుంది. Split అయితే పేజీని ఉన్నది ఉన్నట్టు తీసి పెడుతుంది, అక్షరం మసకబారదు.

ఇప్పుడు నోట్స్. షాపులో మెషీన్ ఒకవైపే స్కాన్ చేసే రకం, 47 కాగితాల కట్ట పెట్టి ముందువైపులు తీశారు (1, 3, 5 అట్లా 93 వరకూ), తర్వాత కట్టని అట్లే తిరగేసి పెట్టారు కాబట్టి వెనకవైపులు చివరి నుంచి వచ్చాయి (94, 92, 90 అట్లా 2 వరకూ). అదేం తప్పు కాదు, PDFsam లో Alternate Mix అనేది ఇందుకే ఉంది, రెండు ఫైళ్లూ ఇచ్చి వెనకవైపు ఫైలుకి మాత్రం Reverse టిక్ పెడితే ఒకటి అటు, ఒకటి ఇటు తీసుకుని కలుపుతుంది. కమాండ్లు అలవాటున్నోళ్లు qpdf తో ఇట్లా చేయొచ్చు, `z-1` అంటే చివరి పేజీ నుంచి మొదటికి రమ్మని:

```
qpdf --empty --collate --pages front.pdf back.pdf z-1 -- notes.pdf
```

కానీ మీకు సగం నుంచి చెడిపోవడానికి కారణం వేరే. ముందువైపు ఫైల్లో 47 పేజీలు ఉంటే వెనకవైపు దాంట్లో 46 ఉన్నాయి. రెండో విడతలో ఎక్కడో రెండు కాగితాలు అతుక్కుని ఒకేసారి లోపలికి పోయాయి, వెనక ఉన్న దాని మొహం మెషీన్ చూడలేదు. కలిపే ముందే రెండు ఫైళ్ల పేజీల లెక్క చూసుంటే అక్కడే తెలిసిపోయేది. ఏ కాగితమో పట్టుకోవడానికి మీరు కలిపిన ఫైలే చూశా, 39వ పేజీ వరకూ మాట బాగా నడిచింది, దాని పక్కన రావాల్సిన 40 లేదు, నేరుగా 42 వచ్చింది. అంటే పోయింది 20వ కాగితం వెనకవైపు.

అక్క నోట్స్ మళ్లీ మొత్తం తీసుకుని షాపుకి పోనక్కర్లేదు. ఆ ఒక్క పేజీని ఫోన్ స్కానర్ యాప్‌లో తీయించి పీడీఎఫ్‌గానే పంపమనండి, వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వస్తే చిన్నదైపోయి సన్నటి చేతిరాత చదవలేం. ఇప్పుడు దాన్ని వెనకవైపు ఫైల్లో యాడ పెట్టాలి? ఆ ఫైలు తిరగబడి ఉంది కదా, 94వ పేజీ అందులో మొదటిది, 42వ పేజీ 27వది, 38వ పేజీ 28వది. కాబట్టి 27కీ 28కీ మధ్యలో:

```
qpdf --empty --pages back.pdf 1-27 page40.pdf 1 back.pdf 28-z -- back2.pdf
```

PDFsam లో అయితే Merge తెరిచి వెనకవైపు ఫైలుని రెండుసార్లు చేర్చండి, ఒకదానికి పేజీలు 1-27, ఇంకోదానికి 28-46 అని రాసి మధ్యలో ఆ ఒక్క పేజీ పెట్టండి, పాత ఫైలు మీద కాకుండా కొత్త పేరుతో సేవ్ చేయండి. ఇప్పుడు 47కి 47 అయ్యాయి, మళ్లీ Alternate Mix చేస్తే 94 పేజీలూ వరసలో వస్తాయి. 40, 41 పేజీలు, చివరి రెండు పేజీలు తెరిచి చూసుకోండి, అవి సరిపోతే మధ్యవన్నీ సరిపోయినట్టే.

చాప్టర్ ఫైళ్లకి పేర్లు పెట్టేటప్పుడు మాత్రం 1, 2 అని కాకుండా 01, 02 అని పెట్టండి, లేకపోతే కొన్ని యాప్‌లు అక్షరక్రమంలో పేర్చి 1 తర్వాత 10ని తెచ్చి పెడతాయి, రేపు నాలుగైదు చాప్టర్లు మళ్లీ కలిపి ప్రింట్‌కి ఇచ్చేటప్పుడు వరస తప్పుతుంది.