కరివేపాకుకు మొదటి చలికాలం

"అక్కా, జూన్‌లో కొన్న కరివేపాకు మొక్క డిసెంబరుకల్లా ఆకులన్నీ రాల్చేసింది. రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నాను. చచ్చిపోయినట్టేనా?" న్యూజెర్సీకి కొత్తగా వచ్చినవాళ్ళు ప్రతి చలికాలంలో నన్ను అడిగే ప్రశ్న ఇది. ఇంచుమించు ఇవే మాటల్లో అడుగుతారు. తులసి, పుదీనా, కలబంద గురించి కూడా అడుగుతారు కానీ, వాటి సంగతి నాలుగు మాటల్లో చెప్పేయవచ్చు. కరివేపాకుదే అసలు చిక్కు. అందుకే దాని సంగతి ముందు చెబుతాను.

రోజూ నీళ్ళు పోయడమే చాలాసార్లు మొక్కను చంపుతుంది. మన ఊళ్ళో కరివేపాకు నేలలో ఉంటుంది, ఏడాది పొడుగునా ఎండ తగులుతుంది, తాగిన నీరు ఆకుల ద్వారా ఆవిరవుతూ ఉంటుంది. ఇక్కడ నవంబరు వచ్చేసరికి పగలు కుంచించుకుపోతుంది. గాజు తలుపు పక్కన పెట్టినా మొక్కకు అందే వెలుతురు వేసవిలో అందినదానిలో ఏ కొంచెమో. మొక్క నిద్రలోకి జారుకుని ఆకులు పసుపు చేసి రాల్చేస్తుంది. ఆకు లేని మొక్క నీరు తాగదు. తాగని మొక్కకు రోజూ పోస్తే కుండీలో నీరు నిలిచి, వేళ్ళకు గాలి అందక కుళ్ళిపోతాయి. ఆకులు రాలడం జబ్బు కాదు. రాలుతున్నాయన్న కంగారులో ఇంకో చెంబు పోయడమే దాని ప్రాణం మీదికి తెస్తుంది.

మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉండే అమ్మాయి మొక్కను కిందటేడు జనవరిలో ఇద్దరం కలిసి బతికించాం. అప్పుడు చేసిన పని ఉన్నదున్నట్టు చెబుతాను, చాలామందికి అదే సరిపోతుంది. ఆమె అడుగెత్తు మొక్కను కొని, బాగా పెరగాలని ఒకేసారి పద్నాలుగు అంగుళాల కుండీలోకి మార్చింది. మొదటి పొరపాటు అక్కడే జరిగింది. చిన్న మొక్క వేళ్ళు పెద్ద కుండీలో నడిమధ్యన గుప్పెడు మట్టిలోనే ఉంటాయి, చుట్టూ ఉన్న మట్టిలోని నీటిని పీల్చేవాళ్ళు ఉండరు. ఇక అక్టోబరు చివర రెండు చలి రాత్రులు బయటే ఉంచి, తర్వాత లోపలికి తెచ్చి హీటర్ గాలి వచ్చే బిలం ఎదురుగా పెట్టింది. పైన వేడి గాలి, కింద తడి మట్టి.

నేను వెళ్ళేసరికి మట్టి పులిసిన వాసన వేస్తోంది. ముందు కాండం మీద గోటితో గీశాం. పైభాగంలో బెరడు కింద గోధుమరంగు, అంటే ఎండిపోయింది. కిందికి గీసుకుంటూ వస్తే మట్టికి నాలుగు వేళ్ళ ఎత్తులో పచ్చగా, తడిగా కనిపించింది. పచ్చగా ఉందంటే ప్రాణం ఉన్నట్టే. మొక్కను కుండీలోంచి మెల్లగా బయటికి తీసి మట్టి విదిలించాం. నల్లగా, పట్టుకుంటే తొక్కు ఊడి వచ్చే వేళ్ళన్నిటినీ శుభ్రమైన కత్తెరతో కత్తిరించి, తెల్లగా గట్టిగా ఉన్నవాటిని ఉంచాం. ఎండిన కాండాన్ని పచ్చదనం మొదలైన చోటికి కాస్త పైన కోసేశాం. ఆరంగుళాల కుండీలో కొత్త మట్టి నింపి నాటాం. ఆ మట్టిలో రెండు వంతులు దుకాణంలో దొరికే కుండీ మట్టి, ఒక వంతు పెర్లైట్. పెర్లైట్ అంటే తెల్లని తేలికపాటి గుళికలు, మట్టిని గుల్లగా ఉంచుతాయి. బయట తవ్వి తెచ్చిన నేల మట్టి మాత్రం కుండీకి వద్దు, రెండు నెలలకే గడ్డకట్టుకుపోతుంది.

ఒక్కసారి తడిపి, కింద పళ్ళెంలోకి దిగిన నీటిని పారబోసి, దక్షిణం కిటికీ దగ్గర పెట్టాం. తర్వాత నీళ్ళు ఎప్పుడు పోయాలన్నది క్యాలెండరు చూసి తేల్చలేదు. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి, పొడిగా తగిలితేనే పోసింది. రెండు వారాలు పట్టిన సందర్భాలూ ఉన్నాయి. కుండీని ఎత్తి చూడటం కూడా అలవాటు చేసుకోండి. తడి కుండీ బరువూ పొడి కుండీ బరువూ చేతికి వారంలో తెలిసిపోతాయి. ఫిబ్రవరి నెలాఖరున కోసిన చోటికి కింద ఆవగింజంత చిగురు కనిపించింది. జూలైకి రసంలోకి రెండు రెబ్బలు తుంచుకుంది.

ఇది జబ్బు చేశాక చేసిన వైద్యం. అసలు జబ్బు రాకుండా చూసుకోవడం సులువు. రాత్రి ఉష్ణోగ్రత 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే 10 సెల్సియస్‌కు, దిగుతుందని వాతావరణ సూచన చెప్పగానే లోపలికి తెచ్చేయండి. మా దగ్గర అది సుమారు సెప్టెంబరు చివరో అక్టోబరు మొదట్లోనో జరుగుతుంది. ఇంట్లో హీటర్ వేయకముందే తెస్తే మొక్క నెమ్మదిగా అలవాటు పడుతుంది. తెచ్చే ముందు ఆకుల కింద వైపు చూడండి. సన్నని సాలెగూడు, సూదితో గుచ్చినట్టు పసుపు చుక్కలు ఉంటే ఎర్రనల్లి పట్టింది. స్నానాల గదిలో పెట్టి గోరువెచ్చని నీటి ధారతో ఆకులు రెండు వైపులా కడిగి, వారానికోసారి అలా మూడు వారాలు చేయండి. కాండం మీద గోధుమరంగు బొడిపెలు అంటుకుని, ఆకులు జిగురుగా ఉంటే అది పొలుసు పురుగు. దూదిని రబ్బింగ్ ఆల్కహాల్‌లో ముంచి ఒక్కొక్కదాన్నీ తుడిచేయాలి, ఓపిక కావాలి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎరువు వేయకండి. మజ్జిగ అసలే వద్దు. మన అమ్మలు పెరట్లో చెట్టు మొదట్లో పోసేవారు, అక్కడ సరిపోయింది. ఇంట్లో కుండీలో పోస్తే వాసన వస్తుంది, మట్టి మీద సన్నని నల్లని దోమలు మూగుతాయి. వేసవిలో బాల్కనీలో బాగా పలచన చేసి ఎప్పుడైనా పోస్తే పోయండి కానీ, మొక్కకు బలం కావాలంటే నత్రజని ఎక్కువున్న ద్రవ ఎరువును సీసా మీద చెప్పినదానిలో సగం మోతాదులో మూడు వారాలకోసారి ఇవ్వండి.

తిరిగి బయటికి తీసుకెళ్ళడంలోనూ తొందరపడకూడదు. మే నెల సగం దాటి రాత్రులు 50కి పైనే నిలబడ్డాక, మొదటి వారం నీడలో, రెండో వారం ఉదయపు ఎండలో పెట్టి, ఆ తర్వాతే పూర్తి ఎండకు వదలండి. తిన్నగా మధ్యాహ్నపు ఎండలో పెడితే ఆకులు తెల్లగా మాడిపోతాయి. కొమ్మల కొనలు తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. కూరకు కోసేటప్పుడు విడి ఆకులు గిల్లకుండా రెబ్బనే మొదలంటా తుంచండి.

మొక్క ఎక్కడ నుంచి తెచ్చుకోవాలన్నది ఇంకో విషయం, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కరివేపాకు నిమ్మ, నారింజల కుటుంబానిది. ఆ తోటలను నాశనం చేసే పచ్చతెగులును మోసే చిన్న పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. ఫ్లోరిడాలో ఆ తెగులు 2005లో బయటపడింది, తర్వాత టెక్సాస్, కాలిఫోర్నియాలకూ చేరింది. అందుకే ఆ తెగులు, పురుగు కారణంగా ఆంక్షలు పెట్టిన ప్రాంతాల నుంచి మొక్కను కారులో పెట్టుకుని ఇంకో రాష్ట్రానికి తేవడం చట్టవిరుద్ధం. ఇండియా నుంచి సూట్‌కేసులో మొక్క గానీ పచ్చి కరివేపాకు గానీ తేకూడదు. డాలస్‌లో ఉన్న అన్నయ్య ఇస్తానన్నాడని తెచ్చుకోకండి. మీ రాష్ట్రంలోనే నర్సరీ చీటీతో అమ్మే మొక్క కొనుక్కోండి. తులసి విత్తనాలూ అంతే. అమ్మ పోస్టులో పంపినా అనుమతి పత్రం లేకుండా తీసుకోరాదు. ఇక్కడి విత్తనాల కంపెనీల దగ్గరే దొరుకుతాయి.

తులసి గురించి కొత్తవాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. పవిత్ర తులసి అని ఇక్కడ అమ్మే విత్తనాల్లో చాలా వరకు కర్పూర తులసి రకం. మొక్క ఏపుగా పెరుగుతుంది, వాసన తియ్యగా ఉంటుంది, కానీ మన కోటలోని తులసి ఘాటు దానికి ఉండదు. కృష్ణ తులసి కావాలంటే పొట్లం మీద ఆ పేరు చూసి కొని, కాండం ఊదాగా ఉందో లేదో గమనించండి. ఏప్రిల్ మొదట్లో ఇంట్లోనే తడి మట్టి మీద గింజలు చల్లి, పైన మట్టి కప్పకుండా వేలితో అదమండి. మొలకకు వెలుతురూ వెచ్చదనమూ కావాలి. మంచు పడిందంటే తులసి ఒక్క రాత్రిలో నల్లబడిపోతుంది. కార్తీకంలో క్షీరాబ్ది ద్వాదశికి తులసి పూజ చేసుకునేసరికి ఇక్కడ మంచు పడే కాలం వచ్చేస్తుంది. ఆ రోజుకు పచ్చని కోట కావాలంటే ఒక కుండీని సెప్టెంబరులోనే లోపలికి తెచ్చుకోవాలి. ఎండిన వెన్నులను కవరులో వేసి దాచుకుంటే మరుసటి ఏడాదికి విత్తనం కొననక్కరలేదు.

పుదీనాకు ఖర్చే లేదు. పచ్చడికి తెచ్చిన కట్టలోంచి నాలుగు కాడలు తీసి కింది ఆకులు గిల్లి నీళ్ళ గ్లాసులో పెడితే సుమారు వారంలో వేళ్ళు వస్తాయి. దాన్ని వేరే కుండీలోనే నాటండి, తులసి పక్కన పెడితే వేళ్ళతో దాన్ని మింగేస్తుంది. చలికాలంలో బాల్కనీలో పైన మాడిపోయినా వేరు బతికే ఉంటుంది, వసంతంలో మళ్ళీ లేస్తుంది. కాబట్టి ఎండిందని కుండీ పారేయకండి.

కలబందకు చలికాలంలో నెలకోసారి నీళ్ళు చాలు. ఆకును మొదలంటా కోసి, కోసిన వైపు కిందికి పెట్టి పది నిమిషాలు నిలబెట్టండి. కారే పసుపు జిగురు చర్మానికి దురద తెస్తుంది, కడుపులోకి వెళితే విరేచనాలు పట్టుకుంటాయి. అది కారిపోయాక లోపలి తెల్లని గుజ్జును పోపు చిట్లి కాలిన చోట రాసుకోవచ్చు. ముందు చల్లని కుళాయి నీటి కింద పది ఇరవై నిమిషాలు ఉంచాకే రాయండి. బొబ్బ పెద్దదైనా, ముఖం మీదైనా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఇంట్లో చేసిన గుజ్జును తాగమని మాత్రం ఎవరికీ చెప్పను. పిల్లీ కుక్కా ఉన్న ఇంట్లో కుండీ వాటికి అందనంత ఎత్తులో ఉండాలి.

జలుబు చేసినప్పుడు ఆరేడు తులసి ఆకులు మరిగించి తాగడం మా ఇంట్లోనూ ఉంది, గొంతుకు హాయిగా ఉంటుంది. రోజూ కషాయంగా తాగాలనుకునేవాళ్ళు మాత్రం, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు, చక్కెర మాత్రలు వాడేవాళ్ళు, ముందు డాక్టరుతో చెప్పండి. తులసి ఆ రెండిటి పనితోనూ కలగజేసుకోవచ్చు. ఇక్కడికి చూడటానికి వచ్చే అమ్మానాన్నల్లో ఈ మాత్రలు వాడేవాళ్ళే ఎక్కువ, వాళ్ళకు కాచి ఇచ్చే ముందు మందుల డబ్బా ఒకసారి చూడండి.