మతం, సైన్స్ మీద విద్యార్థి రాసిన డ్రాఫ్ట్‌కి ఏం కామెంట్లు రాయాలి?

"డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా కొత్తగా చేరాను. సెకండియర్ అమ్మాయి ఒకరు మతానికీ సైన్స్‌కీ ఉన్న సంబంధం మీద వ్యాసం డ్రాఫ్ట్ ఇచ్చింది. యూరప్‌లో చర్చి సైన్స్‌ని అణచేసిందట, మన దగ్గర మాత్రం రెండూ ఎప్పుడూ కలిసే నడిచాయట. తప్పులు కనిపిస్తున్నాయి, కానీ ఏం రాసినా ఆమె నమ్మకాన్ని తప్పుపట్టినట్టు అవుతుందేమో అని టెన్షన్. మీరైతే ఎలా రాస్తారు?"

నేను చరిత్ర పాఠాలు చెప్తాను. దాదాపు ఇలాంటి డ్రాఫ్టే ప్రతి ఏడాదీ ఒకటో రెండో వస్తాయి. మొదటిసారి వచ్చినప్పుడు నేను చేసిన పని ముందు చెప్తాను. మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో "ఇది చరిత్ర కాదు, అభిమానం" అని రాశాను. ఆ అబ్బాయి వాదించలేదు, అడగలేదు, ఆ పేరా మొత్తం తీసేసి "మతం, విజ్ఞానం రెండూ మనిషికి అవసరమే" అని ఎవరికీ అభ్యంతరం లేని నాలుగు వాక్యాలు పెట్టి తెచ్చాడు. మొదటి డ్రాఫ్ట్‌లో కనీసం తప్పైనా ఉంది, రెండోదాంట్లో అదీ లేదు. అప్పట్నుంచి మనిషి అభిప్రాయం మీద కామెంట్ రాయడం మానేసి, వాక్యంలో ఒక్కో మాట ఎంత బరువు మోస్తోందో దాని మీదే రాస్తున్నాను.

మొన్న మా క్లాసు అమ్మాయి ఒకామె తెచ్చిన పేరా ఇంచుమించు ఇలా ఉంది: "యూరప్‌లో మతం విజ్ఞానాన్ని అణచివేసింది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని నిరూపించిన గెలీలియోని చంపేశారు. మన దేశంలో మతం, విజ్ఞానం ఎప్పుడూ కలిసే నడిచాయి. ఆర్యభటుడు ఆనాడే గ్రహణాలకు నీడే కారణమని చెప్పాడు."

ఇందులో "చంపేశారు" అన్నది ఉత్త పొరపాటు, దాని మీద ఎక్కువ సిరా ఖర్చుపెట్టక్కర్లేదు. 1600లో రోమ్‌లో తగలబెట్టింది బ్రూనో అనే తత్వవేత్తని. గెలీలియోకి 1633లో శిక్ష పడింది, ఆ తర్వాత గృహనిర్బంధంలో ఉండి 1642లో చనిపోయాడు. ఇది ఒక్క లైన్లో రాసేసి ముందుకెళ్లాను.

అసలు పని "నిరూపించిన" అనే మాట దగ్గరుంది. 1610 నాటికి గెలీలియో టెలిస్కోప్‌తో గురుడి చుట్టూ తిరిగే ఉపగ్రహాల్ని చూశాడు, ఆ తర్వాత కొద్ది నెలలకే శుక్రుడికీ చంద్రుడిలా కళలు ఉన్నాయని చూశాడు. దాంతో అన్నీ భూమి చుట్టూనే తిరుగుతాయన్న టాలెమీ పాత పద్ధతి కూలిపోయింది, నిజమే. కానీ మిగతా గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడు వాటన్నిటితో సహా భూమి చుట్టూ తిరుగుతాయన్న టైకో బ్రాహీ పద్ధతికి ఆ శుక్రుడి కళలు అడ్డం రావు. భూమి కదలికకి రుజువని గెలీలియో గట్టిగా నమ్మిన సముద్రపు ఆటుపోట్ల వాదన తప్పు. భూమి తిరుగుతుంటే దగ్గరి నక్షత్రాలు ఏడాదిలో కొంచెం పక్కకి జరిగినట్టు కనిపించాలి కదా, ఆ జరుగుడుని జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెసెల్ కొలిచి ప్రకటించింది 1838లో. కాబట్టి నేను రాసిన కామెంట్ ఇది: "1633 నాటికి గెలీలియో దగ్గర ఏ ఆధారం ఉంది, ఏది లేదు అన్నది రెండు వాక్యాల్లో రాయి. అది రాశాక 'నిరూపించిన' అనే మాట ఉంచాలో మార్చాలో నువ్వే చూడు. (ఇది శిక్షని సమర్థించడం కాదు. రుజువు పూర్తి కాలేదు కాబట్టి శిక్షించడం సబబేనా అన్నది వేరే ప్రశ్న, అది కూడా నీ వ్యాసంలోకి రావచ్చు.)" ఆ బ్రాకెట్ ముక్క రాయకపోతే, మేడమ్ చర్చి పక్షం అని అనుకుంటారు. నాకు ఒకసారి అనుభవమైంది.

తర్వాత "మతం" అన్న మాట. ఆ పేరాలో రెండుసార్లు వచ్చింది, రెండు చోట్లా పెన్సిల్‌తో సున్నా చుట్టాను. విచారణ జరిపింది రోమ్‌లోని ఇన్‌క్విజిషన్ అనే చర్చి న్యాయస్థానం, అంటే ఒక సంస్థ. అడ్డం వచ్చిందని చెప్పింది బైబిల్లో యెహోషువ సూర్యుణ్ణి ఆగమన్న వాక్యం, అంటే గ్రంథం. గెలీలియో స్వయంగా కాథలిక్కు, అంటే విశ్వాసం. మూడింటికీ ఒకే మాట వాడితే ఎవరు ఎవర్ని అణచారో పాఠకుడికి తెలియదు. కామెంట్‌లో పాఠం చెప్పలేదు, "ఈ రెండు చోట్లా మతం అంటే సంస్థా, గ్రంథమా, నమ్మకమా? ఒక్కోదాని పక్కన రాసి చూడు" అన్నాను అంతే.

ఇక మీకు టెన్షన్ పెడుతున్న భాగం, "మన దగ్గర ఎప్పుడూ కలిసే నడిచాయి". ఇక్కడ "కాదు" అని రాయకండి, ఆమె మెచ్చుకున్న ఉదాహరణనే ఇంకొంచెం దూరం తీసుకెళ్లమనండి. 499 నాటి ఆర్యభటీయంలో సూర్యగ్రహణానికి చంద్రుడు అడ్డురావడం, చంద్రగ్రహణానికి భూమి నీడ కారణమని ఉంది, ఆమె రాసింది సరే. కానీ 628లో బ్రహ్మగుప్తుడు తన బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో, రాహువు కారణం కాదనేవాళ్లు వేదానికీ స్మృతికీ విరుద్ధంగా మాట్లాడుతున్నారని తప్పుపట్టాడు. ఆ నీడ కొలతని లెక్కగట్టే పద్ధతి ఇచ్చింది కూడా ఆయనే, అదే గ్రంథంలో! వరాహమిహిరుడు మరో దారి పట్టాడు: బృహత్సంహితలో గ్రహణానికి నీడే కారణమని చెప్పి, ఆ సమయంలో చేసే దానహోమాల్లో రాహువుకి బ్రహ్మ వరం వల్ల వాటా వస్తుందని సర్దాడు. అంటే మన దగ్గర కూడా ఒకే విషయం మీద ఢీకొట్టడం ఉంది, సర్దుకోవడం ఉంది, అదీ జ్యోతిష్కుల మధ్యే. నా కామెంట్: "మంచి ఉదాహరణ పట్టుకున్నావు. ఇదే గ్రహణాల మీద బ్రహ్మగుప్తుడు, వరాహమిహిరుడు ఏమన్నారో చదివి, ఆ తర్వాత 'ఎప్పుడూ' అన్న మాటని మళ్లీ చూడు."

డ్రాఫ్ట్ చివర "నేను దేవుణ్ణి నమ్ముతాను, అందుకే ఈ రెండూ ఒకటే అంటాను" అని ఉంది. మీకూ అలాంటి వాక్యం తగలొచ్చు. నమ్ముతాను అన్న మాట నేను ముట్టుకోలేదు. "అందుకే" కింద మాత్రం గీత గీసి, "పై మూడు పేజీల్లోని ఆధారాల్లో ఏది దీనికి దారి తీసింది?" అని అడిగాను.

మొత్తం అయిదు కామెంట్లు. అక్షరదోషాలు ఒక్కటీ దిద్దలేదు, ఎలాగూ ఆ వాక్యాలు సగం మారిపోతాయి కాబట్టి అవి రెండో డ్రాఫ్ట్‌కి.

రెండో డ్రాఫ్ట్ వారానికి వచ్చింది. "ఎప్పుడూ" పోయింది, బ్రహ్మగుప్తుడు వచ్చాడు, అయితే "బ్రహ్మగుప్తుడు భయపడి రాహువు పేరు చెప్పాడు" అని రాసింది. 1030 ప్రాంతంలో మన దేశం గురించి రాసిన పండితుడు అల్ బిరూనీ సరిగ్గా ఇలాగే అనుమానించాడు, సోక్రటీస్‌కి పట్టిన గతి తనకి పట్టకూడదని అలా రాశాడేమో అని. ఎక్కడో అది చదివినట్టుంది, సంతోషం. పక్కన రాశాను: "ఇది అల్ బిరూనీ ఊహ. నీ వాక్యంలో ఆయన పేరు, ఊహ అన్న మాట రెండూ కనిపించాలి." మూడో డ్రాఫ్ట్ సోమవారం ఇస్తానంది.