ఎసిటనిలైడ్ తయారీ: 79 శాతం వచ్చిన పద్ధతిలోనే వృథా ఎక్కువ ఎందుకు?

ప్రశ్న: ఇంటర్ సెకండియర్ చదువుతున్నా, మాది శ్రీకాకుళం. ఎసిటనిలైడ్ తయారీ మీద ప్రాజెక్టు చేస్తున్నా. ఆటమ్ ఎకానమీ లెక్క వేస్తే ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో 69 శాతం, ఎసిటైల్ క్లోరైడ్‌తో 79 శాతం వచ్చింది. మా మేడమ్ మాత్రం క్లోరైడ్ పద్ధతిలోనే వృథా ఎక్కువ అంటున్నారు. నా లెక్క ఎక్కడ తప్పింది?

జవాబు: నీ భాగహారం సరిగ్గానే ఉంది, సమీకరణమే సగంలో ఆగిపోయింది. విజయనగరంలో ఒక జూనియర్ కాలేజీ ల్యాబులో చాలా ఏళ్లు ఇదే ప్రయోగం చేయించాను. నాకూ మొదట్లో ఇదే పొరపాటు జరిగింది కాబట్టి నువ్వు రాసింది ఊహించగలను:

```
C6H5NH2 + CH3COCl → C6H5NHCOCH3 + HCl
```

అణుభారాలు చూస్తే ఎనిలీన్ 93, క్లోరైడ్ 78.5, మొత్తం 171.5. మనకు కావలసిన ఎసిటనిలైడ్ 135. భాగిస్తే నీ 79 శాతం వచ్చేస్తుంది. కానీ ఫ్లాస్కులో పుట్టిన HCl ఊరికే ఉండదు. ఎనిలీన్ క్షారం కదా, ఇంకా చర్య జరపని ఎనిలీన్ ఆ ఆమ్లాన్ని పట్టుకుని లవణం అయిపోతుంది. నైట్రోజన్ దగ్గరున్న ఎలక్ట్రాన్ జంట ప్రోటాన్‌కి పోయింది కాబట్టి ఆ లవణం ఇక క్లోరైడ్‌తో కలవదు. అసలు జరిగేది ఇది:

```
2 C6H5NH2 + CH3COCl → C6H5NHCOCH3 + C6H5NH3Cl
```

ఇప్పుడు కింద 264.5 వస్తుంది, జవాబు 51 శాతానికి పడిపోతుంది. ఎనిలీన్ పాడవకుండా HClని పట్టడానికి పిరిడిన్ వేశావనుకో, దాని 79 కూడా కింద కలపాలి. అప్పుడు 54 శాతం. ఎన్‌హైడ్రైడ్‌తో పక్కకు వచ్చేది ఎసిటిక్ ఆమ్లం. అది బలహీనమైనది, చర్యను అంతగా ఆపదు, కాబట్టి అక్కడ 69 శాతం 69గానే నిలుస్తుంది. మీ మేడమ్ చెప్పింది నిజమే. పైగా ఎసిటైల్ క్లోరైడ్ సీసా మూత తీస్తే మన తీరప్రాంతపు తేమకి పొగలు కక్కుతుంది, అదో టెన్షన్.

అయితే ప్రాజెక్టును ఇక్కడితో ఆపకు. ఆటమ్ ఎకానమీ అన్న ఆలోచనను 1991లో బారీ ట్రోస్ట్ తెచ్చాడు. అది చెప్పేది ఒక్కటే: రాసిన సమీకరణంలోని అణువుల్లో ఎంత బరువు మనకు కావలసిన పదార్థంలోకి చేరుతుంది అని. ఎంత అదనంగా పోశావు, ఎంత చేతికొచ్చింది, ఎన్ని నీళ్లు వాడావు అన్నవి దానికి తెలియవు. వాటి కోసం ఈ-ఫ్యాక్టర్ ఉంది. రోజర్ షెల్డన్ 1992లో ప్రతిపాదించాడు. వృథా అయిన గ్రాములను వచ్చిన పదార్థం గ్రాములతో భాగించడమే, అంతకు మించి ఏమీ లేదు.

దీని ఉపయోగం చూపడానికి మూడో పద్ధతిని తీసుకుందాం. ఎన్‌హైడ్రైడ్ లేకుండా, ఎనిలీన్‌ను గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లంతో, చిటికెడు జింక్ పొడి వేసి ముప్పావుగంట కాచడం. ఎనిలీన్ ఆక్సీకరణం చెంది రంగు తేలకుండా జింక్ చూసుకుంటుంది. పక్కకు వచ్చేది నీరే కాబట్టి ఆటమ్ ఎకానమీ 88 శాతం. చాలామంది దీన్ని ‘గ్రీన్ పద్ధతి’ అని రికార్డులో రాసి ఊరుకుంటారు. ఇప్పుడు పోసినవి తూచి చూడు. 5 మి.లీ. ఎనిలీన్ అంటే 5.1 గ్రాములు. దానికి ఎసిటిక్ ఆమ్లం 15 మి.లీ. పోస్తాం, అది సుమారు 15.8 గ్రాములు, అంటే కావలసినదానికి దాదాపు ఐదింతలు. జింక్ పావు గ్రాము. మొత్తం 21 గ్రాముల పైన. చేతికి 5 గ్రాముల పొడి స్ఫటికాలు వచ్చాయనుకుంటే 16 గ్రాములు పారబోసినట్టే, ఈ-ఫ్యాక్టర్ 3.2.

ఎన్‌హైడ్రైడ్ పద్ధతిలో అదే 5 మి.లీ. ఎనిలీన్‌కి ఎన్‌హైడ్రైడ్ 5 మి.లీ. (5.4 గ్రాములు), ఎసిటిక్ ఆమ్లం 5 మి.లీ. (5.25 గ్రాములు) వేసి పావుగంట కాస్తాం. మొత్తం 15.75 గ్రాములు. అదే 5 గ్రాములు వస్తే వృథా 10.75, ఈ-ఫ్యాక్టర్ 2.15. కాగితం మీద 88 వచ్చినది 69 వచ్చినదాని కంటే ఎక్కువ పారబోస్తోంది, స్టవ్ మీద మూడింతల సేపు కూడా ఉంటోంది. మిగిలిన ఆమ్లాన్ని వెనక్కి తీసి మళ్లీ వాడగలిగితే కథ మారుతుంది, కానీ స్కూలు ల్యాబులో ఎవరు తీస్తారు?

ఈ రెండు లెక్కల్లోనూ స్ఫటికాలు తీయడానికి వాడే నీళ్లను నేను కలపలేదు. కలిపితే ఏ పద్ధతికైనా ఈ-ఫ్యాక్టర్ 40 దాటిపోతుంది. అందుకే నీళ్లతో ఒకటి, నీళ్లు లేకుండా ఒకటి, రెండు అంకెలూ విడిగా రాయి. పైడిభీమవరం వైపు ఒక మందుల కంపెనీలో పనిచేసే మా తమ్ముడు కూడా పారబోసే సరుకులో ఎక్కువ భాగం సాల్వెంట్లదే అంటాడు.

నీళ్ల వల్ల ఇంకో నష్టం ఉంది, అది సూటిగా దిగుబడి మీద పడుతుంది. ఒక ఏడాది మా బ్యాచ్‌లో ఒక జట్టుకి ముడి ఎసిటనిలైడ్ 6 గ్రాములు వచ్చింది. త్వరగా కరుగుతుందని 300 మి.లీ. నీళ్లలో వేసి మరిగించారు. అది ఎండాకాలం, ఐసు కూడా లేదు. చివరికి 4 గ్రాములు కూడా మిగల్లేదు, ఒక పిల్ల ఏడ్చినంత పని చేసింది. తప్పు నాదే, నీటి కొలత బోర్డు మీద రాయలేదు. మరిగే నీటిలో ఎసిటనిలైడ్ 100 మి.లీ.కి సుమారు 5.5 గ్రాములు కరుగుతుంది. చల్లారాక కూడా 100 మి.లీ.లో అర గ్రాము కరిగే ఉండిపోతుంది, ల్యాబు వేడిగా ఉంటే ఇంకా ఎక్కువే. 300 మి.లీ. అంటే కనీసం గ్రామున్నర కాలువలోకి. ఆరు గ్రాములకి 120 మి.లీ. సరిపోయేది. మరిగే నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ, పూర్తిగా కరగగానే ఆపాలి. కరగకుండా అడుగున నూనె బొట్టులా కనిపించినా, అది కరిగేదాకా ఇంకాస్త పోయాలి. తర్వాత ఐసులో పెట్టాలి.

తూకం దగ్గర జాగ్రత్త. ఎవరికైనా 100 శాతం మించి దిగుబడి వచ్చిందంటే అవి తడి గింజలు, ఆరబెట్టి రెండుసార్లు తూచితే ఒకే బరువు రావాలి. ద్రవీభవన స్థానం 114 °C దగ్గర ఉందో లేదో కూడా చూడు. అంతకన్నా తక్కువలో కరగడం మొదలైతే మురికో తడో ఉన్నట్టు, అప్పుడు నీ ఈ-ఫ్యాక్టర్‌ని నమ్మడానికి లేదు.

వీలైతే 1 మి.లీ. ఎనిలీన్‌తోనే చెయ్యి. ఇక్కడో చిక్కుంది. ఫిల్టర్ కాగితానికీ, బీకరు గోడలకీ అంటుకునేది పెద్దగా తగ్గదు కాబట్టి ఈ-ఫ్యాక్టర్ 5 మి.లీ. కన్నా కాస్త అధ్వానంగా కనిపిస్తుంది. అయినా క్లాసులో ముప్పై మంది చేస్తే ల్యాబు వెనక గోతిలోకి పోయే మొత్తం చెత్త చాలా తక్కువ. ఆ గోతిలో పోసేముందు ఆమ్లాన్ని సున్నపు నీళ్లతో చంపాలి. దానికి వాడిన సున్నం కూడా వృథా కిందే లెక్కలోకి వస్తుంది, రికార్డులో ఆ గ్రాములు మర్చిపోకు.