రెండే హల్లులు మిగిలితే హీబ్రూ ధాతువును పట్టడం ఎలా?

ప్రశ్న: "హీబ్రూ బైబిల్ చదువుతుంటే 'వయ్యాషొవ్', 'వయ్యేషెవ్' లాంటి కురచ రూపాలు వస్తున్నాయి. రెండు హల్లులే కనిపిస్తాయి. పోయిన మూడోది మధ్యలోదా, చివరిదా ఎలా తెలుస్తుంది?"

ముందు మిగిలిన హల్లుల్ని కాదు, 'య'కు ఉన్న అచ్చును చూడండి. నేను మొదటి ఏడాది ఆ పని చేయకుండా నేరుగా నిఘంటువు తెరిచేదాన్ని. పరీక్షలో 'వయ్యాషొవ్'ను 'కూర్చున్నాడు' అని రాసి మార్కులు పోగొట్టుకున్నాను.

ఆదికాండము 22:19 తీసుకోండి. ఆ ఒక్క వచనంలోనే మీరు రాసిన రెండు రూపాలూ ఉన్నాయి. అబ్రాహాము పనివాళ్ల దగ్గరికి తిరిగి వచ్చాడు, వయ్యాషొవ్. చివర బెయేర్షెబాలో నివసించాడు, వయ్యేషెవ్. రెంటిలోనూ మిగిలినవి షీన్, బేత్.

మొదటిదాంట్లో 'యా' అని దీర్ఘం ఉంది. అంటే పోయింది మధ్య అక్షరం. ధాతువు షూవ్, నిఘంటువులో షీన్-వావ్-బేత్ కింద వెతకాలి. పూర్తి రూపం యాషూవ్. 'వ' ముందు చేరాక ఊనిక 'యా' మీదికి జరుగుతుంది, వెనకున్న 'ఊ' కురచబడి 'ఒ' అవుతుంది. అనుమానం ఉంటే బహువచనం చూడండి, పోయిన 'ఉ' అక్కడ తిరిగొస్తుంది. అదే వచనంలో 'వారు లేచారు' అనడానికి వయ్యాకుము అని ఉంది. దాని ఏకవచనం వయ్యాకొమ్.

రెండోదాంట్లో 'యే' ఉంది. ఇక్కడ పోయింది మొదటి యోద్, ధాతువు యాషవ్.

మరి చివరి హే పోతే? సంఖ్యాకాండము 21:1లో అరాదు రాజు కొందరిని చెరపట్టాడు, వయ్యిష్బ్. అవే షీన్, బేత్, కానీ 'యి' అని హ్రస్వం. ధాతువు షావా. వయ్యివెన్ (కట్టాడు, బానా) కూడా ఇలాంటిదే. ధాతువు మొదట కంఠ్యాక్షరం ఉంటే 'యి' తరచూ హ్రస్వ 'య' అవుతుంది: వయ్యఅస్, చేశాడు, ధాతువు ఆసా. 'యా', 'య' తేడా వినడం మన చెవికి అలవాటే, దాన్ని వాడుకోండి.

నన్ను ఎక్కువ రోజులు తిప్పలు పెట్టింది వయ్యేవ్క్, 'ఏడ్చాడు'. 'యే' ఉంది కాబట్టి యోద్ పోయిందనుకుని వెతికాను, దొరకలేదు. అసలు ధాతువు బాఖా, చివర హే. గుర్తు ఏమిటంటే, చివరి రెండు హల్లుల మధ్య అచ్చు లేదు. వయ్యేషెవ్‌లో 'షె' అని అచ్చు ఉంది. వయ్యిష్బ్‌లో కూడా లేదు. అలా రెండు హల్లులు చివర అతుక్కుని కనిపిస్తే 'యే' ఉన్నా హే వైపే వెళ్లండి.

'యా' విషయంలోనూ ఒక మినహాయింపు ఉంది. రెండో హల్లే మళ్లీ వచ్చే ధాతువులు, ఉదాహరణకు సావవ్ (చుట్టూ తిరుగు), వయ్యాసొవ్ అని అచ్చం షూవ్ లాగే కురచబడతాయి. అచ్చు గుర్తులు లేని ప్రతిలో అయితే వయ్యాషొవ్, వయ్యేషెవ్, వయ్యిష్బ్ మూడూ వావ్-యోద్-షీన్-బేత్ అనే ఒకే వరుస. అక్కడ పక్క మాటలే దిక్కు: 'దగ్గరికి' అని ఉంటే షూవ్, ఊరి పేరు ముందు 'లో' ఉంటే యాషవ్, వెంటనే 'చెర' అనే మాట వస్తే షావా.