చీటీలో రెండో మందు ఏదిరా?

ఒరేయ్ చిన్నా,

నిన్న ఫోన్లో అమీబా వల్ల లివర్ ఆబ్సెస్ వచ్చిన పేషెంట్‌ను ఇంటికి పంపుతున్నామని, మెట్రోనిడజోల్ రాశామని చెప్పావు. రెండో మందు ఏం రాశారని అడిగేలోపే వార్డు నుంచి పిలుపొచ్చిందని పెట్టేశావు, అందుకే ఇది రాస్తున్నా.

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఉప్పల్ నుంచి ఒక ఆటో డ్రైవర్ వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, సాయంత్రమైతే కల్లు కాంపౌండులో కూర్చునే మనిషి. కుడి డొక్కలో నొప్పి, చలిజ్వరం, స్కాన్‌లో కాలేయంలో చీముగడ్డ. మెట్రోనిడజోల్ 800 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, పది రోజులు ఇచ్చాను. మూడో రోజుకే జ్వరం దిగింది. నేనూ మురిసిపోయా. నాలుగు నెలలకు అదే నొప్పితో మళ్లీ వచ్చాడు. పాత చీటీ తీసి చూస్తే తప్పు నాదే, డైలోక్సనైడ్ రాయలేదు.

మెట్రోనిడజోల్ మింగితే పేగు పైభాగంలోనే దాదాపు అంతా రక్తంలోకి వెళ్లిపోతుంది. కాలేయానికి అదే కావాలి, కానీ పెద్దపేగు లోపల దాక్కున్న అమీబాలకు, సిస్టులకు సరిపడా అందదు. గడ్డ మానినా విత్తనం పేగులోనే మిగులుతుంది. అందుకే ఆ కోర్సు అయ్యాక డైలోక్సనైడ్ ఫ్యూరోయేట్ 500 మిల్లీగ్రాములు మూడుపూటలా, పది రోజులు. అది పేగులోనే పనిచేస్తుంది, మహా అయితే కడుపుబ్బరం, గ్యాస్.

మెట్రోనిడజోల్ మనల్ని వదిలి అమీబానే ఎలా చంపుతుందంటావా? మింగినప్పుడు అది విషం కాదు. అమీబా ఆక్సిజన్ లేకుండా శక్తి తయారుచేసుకుంటుంది, ఆ పనిలో ఫెర్రిడాక్సిన్ అనే ప్రొటీన్ మోసే ఎలక్ట్రాన్లు మందులోని నైట్రో గ్రూపు మీద పడతాయి, అప్పుడు పుట్టే రాడికల్స్ దాని డీఎన్‌ఏను తెగ్గొడతాయి. మన కణాల్లో ఆ ఏర్పాటు లేదు. పేగులో చేరే ఇంకో పరాన్నజీవి జియార్డియాదీ ఇదే కథ, కాకపోతే పెద్దవాళ్లకి టినిడజోల్ 2 గ్రాములు ఒక్కసారి ఇస్తే సాధారణంగా చాలు, డైలోక్సనైడ్ అక్కర్లేదు. పరాన్నజీవి జబ్బే అయినా కాలా అజార్ సంగతి వేరు, బీహార్ నుంచి వచ్చిన కూలీకి పెద్ద ప్లీహం, వారాల తరబడి జ్వరం ఉంటే అది గుర్తుకు రావాలి, దానికి లైపోజోమల్ యాంఫోటెరిసిన్ కిలోకు 10 మిల్లీగ్రాములు ఒకే డోసు, కిడ్నీ, పొటాషియం చూసుకుంటూ.

నోట్లో ఇనుము రుచి వస్తుందని, మూత్రం ముదురు రంగులో పోవచ్చని ముందే చెప్పు, లేకపోతే భయపడి మధ్యలో మానేస్తారు. మందు తాగొద్దంటే మా డ్రైవర్ "కల్లు మందెట్లయితది సార్?" అన్నాడు. కల్లు అని పేరుపెట్టి చెప్పు, కోర్సు అయ్యాక ఇంకో మూడు రోజులు కూడా వద్దను. రియాక్షన్ అందరికీ రాదు గానీ, వస్తే ముఖం ఎర్రబడి వాంతులతో పడిపోతారు.

ఇంకొకటి. జ్వరం, నొప్పి పోయినా స్కాన్‌లో గడ్డ గుర్తు నెలల తరబడి ఉంటుంది. అది చూసి కోర్సు మీద కోర్సు రాసేవాళ్లున్నారు, అలా వారాల కొద్దీ వాడితే నరాలు దెబ్బతిని అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. నీ పేషెంట్ మళ్లీ వస్తే ముందు కాళ్ల సంగతి అడుగు, స్కాన్ తర్వాత చూడొచ్చు.

— పెదనాన్న