కాల్ సమ్మరీలో ‘సమ్మతి తీసుకున్నాం’ అని రాసేయొచ్చా?

ప్రశ్న: సార్, నేను విజయవాడలో ఒక ఇన్సూరెన్స్ కాల్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. ప్రతి సమ్మరీలో ‘రికార్డింగ్‌కు సమ్మతి తీసుకున్నాం’ అనే లైను పేస్ట్ చేయమంటున్నారు. కొన్ని కాల్స్‌లో నేను ఆ మాటే ఎత్తలేదు. రేపు కస్టమర్ కంప్లైంట్ ఇస్తే నా మీదికి వస్తుందా?

జవాబు: ఆ లైను పేస్ట్ చేయకండి. చెప్పని చోట ‘చెప్పలేదు’ అనే రాయండి.

సమ్మతి ఆధారంగా డేటా వాడుకుంటే, వివాదం వచ్చినప్పుడు నోటీసు ఇచ్చామనీ, సమ్మతి దొరికిందనీ రుజువు చేయాల్సింది కంపెనీయే. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 సెక్షన్ 6 ఆ మాట చెబుతోంది. 2025 నవంబరులో వచ్చిన ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం ఈ బాధ్యత 18 నెలల తర్వాత మొదలవుతుంది. ఈ బాధ్యత తప్పితే చట్టం వేసే జరిమానా కంపెనీకే గానీ ఉద్యోగికి కాదు. మీకు టెన్షన్ వేరే చోట ఉంది: మీ లాగిన్‌తో తప్పు నోట్ ఉంటే, సంజాయిషీ మిమ్మల్నే అడుగుతారు.

ఒక కాల్ చూద్దాం. క్లెయిమ్ విషయమై కస్టమర్‌కు మీరే ఫోన్ చేశారు. కొన్ని చోట్ల, కాల్ రికార్డ్ అవుతోందని చెప్పే ఆటోమేటిక్ ప్రకటన కస్టమర్ల నుంచి వచ్చే కాల్స్‌కే ఉంటుంది, మనం చేసేవాటికి ఉండదు. నోట్ ఇలా ఉండాలి:

‘11:40, నేను చేసిన కాల్. ఆటోమేటిక్ ప్రకటన లేదు. పుట్టినతేదీ అడిగాక, 11:43కి తెలుగులో చెప్పాను: “ఈ కాల్ రికార్డ్ అవుతోంది, సర్వీస్ క్వాలిటీ చూడటానికి.” కస్టమర్: “సరే, కానీ నా నంబరు వేరేవాళ్లకు ఇవ్వొద్దు.” “క్లెయిమ్ పనికే వాడతాం” అన్నాను.’

ప్రకటన ఆలస్యమైందన్న సంగతి దాచలేదు, గమనించారా? మొదటి మూడు నిమిషాలకు ఆయన ‘సరే’ వర్తిస్తుందని తర్వాత ఎవరూ అనలేరు. ఆ ‘సరే’ కొత్త పాలసీ అమ్మడానికి కూడా కాదు. నెల తర్వాత సేల్స్ వాళ్లు ఆ నంబరుకు ఫోన్ చేస్తే, అడ్డు చెప్పేది ఈ నోటే. ‘సమ్మతి తీసుకున్నాం’ అని ఉంటే దేనికి అన్నది తేలదు.

కస్టమర్ మౌనంగా ఉంటే ‘ఒప్పుకున్నారు’ అనొద్దు, ‘అభ్యంతరం చెప్పలేదు’ అనండి. చట్టం అడిగే సమ్మతి స్పష్టంగా ఇచ్చేది, మౌనం అందులోకి రాదు. రికార్డింగ్ ఆపమంటే, ఆపారా, ఆపడం మీ చేతిలో లేదని చెప్పారా, అదీ రాయండి. ఓటీపీ, ఆధార్ నంబరు లాంటివి మాత్రం నోట్‌లోకి ఎక్కించకండి.

పాత నోట్‌లో తప్పు కనిపిస్తే దాన్ని చెరపకండి. కింద ఈనాటి తేదీతో సవరణ రాయండి. పేస్ట్ చేయమన్న ఆదేశం నోటిమాటగా వచ్చి ఉంటే, ‘చెప్పని కాల్స్‌లోనూ ఇదే పెట్టాలా?’ అని టీమ్ లీడర్‌కు ఈమెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి.